తీగను ఎక్కడ కత్తిరించాలి?

ఇంటర్మీడియట్‌లో లెక్కలు చదివినవాళ్లకు ఒక తీగ లెక్క ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. ఒక తీగను రెండు ముక్కలు చేయాలి. ఒక ముక్కను చతురస్రంగా, రెండో ముక్కను వృత్తంగా వంచాలి. రెండింటి వైశాల్యాలూ కలిపితే వచ్చే మొత్తం అన్నిటికంటే తక్కువగా ఉండాలంటే తీగను ఎక్కడ కత్తిరించాలి? తీగ పొడవు ఒక పుస్తకంలో 28 మీటర్లు ఉంటుంది, ఇంకో పుస్తకంలో అంకె లేకుండా ఊరికే ఒక అక్షరం ఉంటుంది. మనం 100 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ పొడవే ఎందుకో లెక్క మధ్యలో తెలుస్తుంది.

అసైన్‌మెంటు ఇచ్చే లెక్చరర్ కాస్త గట్టివారైతే దీనికి ఇంకో ప్రశ్న తగిలిస్తారు. మొత్తం వైశాల్యం అన్నిటికంటే ఎక్కువ కావాలంటే ఎక్కడ కత్తిరించాలి? మొదటి ప్రశ్నకు క్లాసులో చాలామంది సరిగ్గానే రాస్తారు. రెండోదాని దగ్గర మాత్రం కాగితాలు రెండు రకాలుగా విడిపోతాయి. కొందరు మొదటి జవాబునే మళ్లీ రాసి పక్కన ‘గరిష్ఠం’ అని పెడతారు. ఇంకొందరు గరిష్ఠం లేదని తేల్చేస్తారు.

“సార్, డెరివేటివ్ ఒక్కచోటే సున్నా అయింది. అక్కడ కనిష్ఠం వచ్చింది. ఇంక గరిష్ఠం లేనట్టేగా?” అని అడుగుతాడు కుర్రాడు.

“మొత్తం తీగను వృత్తంగా వంచితే ఎంత వస్తుందో చూశావా?” అంటారు సార్.

చూసి ఉండడు. చూడమని లెక్కలో ఎక్కడా రాసి లేదు మరి. ఈ వ్యాసం ఆ చూడకపోవడం గురించే. తీగ రెండు కొసల దగ్గర ఏం జరుగుతుందో చివర్లో సరిచూసుకునే పనిగా కాక, లెక్క మొదట్లోనే చేసే పనిగా పెట్టుకుంటే ఇలాంటి లెక్కల్లో సగం తప్పులు పుట్టవని నా అభిప్రాయం. ఎందుకో ఈ ఒక్క తీగతోనే చూద్దాం.

x రాయకముందు

ముందు కలనగణితం ఊసెత్తకుండా మూడు అంకెలు కట్టుకుందాం. తీగను అసలు కత్తిరించకుండా 100 సెంటీమీటర్లూ చతురస్రానికే వాడితే ఒక్కో భుజం 25, వైశాల్యం 625 చదరపు సెంటీమీటర్లు. మొత్తం వృత్తానికే వాడితే చుట్టుకొలత 100, వ్యాసార్ధం సుమారు 15.9, వైశాల్యం సుమారు 796. సరిగ్గా మధ్యకు కత్తిరిస్తే? చతురస్రం భుజం 12.5, దాని వైశాల్యం 156. వృత్తం వైశాల్యం 199. రెండూ కలిపి 355.

ఒక చివర 796, ఇంకో చివర 625, మధ్యలో 355. తీగ అంతే ఉంది, ఒక్క సెంటీమీటరు కూడా వృథా కాలేదు. అయినా వైశాల్యం సగానికి సగం పడిపోయింది. దీనికి కారణం తెలిస్తే లెక్క ఎటు పోతుందో ముందే ఊహించవచ్చు. వైశాల్యం పొడవును బట్టి కాదు, పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. తీగ సగమైతే అది చుట్టగలిగే వైశాల్యం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. నాలుగో వంతులు రెండు కలిపినా సగమే. కాబట్టి తీగను ముక్కలు చేయడమే నష్టం. ఎక్కువ వైశాల్యం కావాలంటే ముక్కలు చేయకూడదని ఇక్కడే తెలిసిపోతోంది.

మరి చేయకుండా ఉంచిన తీగను ఏ ఆకారంలో వంచాలి? ఒకే చుట్టుకొలతతో ఎక్కువ చోటును చుట్టేది వృత్తమే. ఇది ప్రాచీన గ్రీకులకే తెలుసు. కార్తేజ్ నగరాన్ని స్థాపించిన డీడో రాణి కథలో, ఒక ఎద్దు చర్మం ఎంత నేలను చుట్టగలిగితే అంత నేల ఆమెకు ఇస్తామంటారు. ఆమె ఆ చర్మాన్ని సన్నటి పేలికలుగా కోయించి కొండ చుట్టూ తిప్పించిందంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, మన తీగ విషయంలో వృత్తం చతురస్రం కంటే 27 శాతం ఎక్కువ చోటును చుడుతుంది. 625కీ 796కీ మధ్య తేడా అదే.

అంటే రెండో ప్రశ్నకు జవాబు మనకు ఇప్పటికే దాదాపు తెలిసింది. ఇంకా ఒక్క అవకలజం కూడా కట్టలేదు.

ప్రమేయాన్ని నిలబెట్టడం

ఇప్పుడు ఆ ఊహను లెక్కగా రాయాలి. మాటల్లో ఉన్న ప్రశ్నను ఒకే చలరాశి ఉన్న ప్రమేయంగా మార్చడమే ఇందులో అసలు పని. అవకలనం చేయడం దాని ముందు చిన్న పని.

చతురస్రానికి వాడే ముక్క పొడవు x అనుకుందాం. మిగిలిన 100 − x వృత్తానికి పోతుంది. ఈ వాక్యంలోనే లెక్కకున్న కట్టుబాటు ఉంది: రెండు ముక్కలూ కలిపి 100. ఆ కట్టుబాటే లేకపోతే చతురస్రానికి ఒక చలరాశి, వృత్తానికి ఒక చలరాశి విడివిడిగా ఉండేవి, వైశాల్యానికి అంతూ ఉండేది కాదు.

x పొడవున్న ముక్కను చతురస్రం చేస్తే భుజం x/4, వైశాల్యం x²/16. చుట్టుకొలత C ఉన్న వృత్తానికి వ్యాసార్ధం C/2π, వైశాల్యం C²/4π. ఇక్కడ C అంటే 100 − x. రెండూ కలిపితే:

A(x) = x²/16 + (100 − x)²/(4π),  0 ≤ x ≤ 100

కుడివైపు కామా తర్వాత ఉన్న చిన్న ముక్కను చూడండి. x ఏ విలువ నుంచి ఏ విలువ దాకా తిరగవచ్చో చెప్పేది అదే. తెలుగు పుస్తకం దాన్ని ప్రదేశం అంటుంది, క్లాసులో అందరూ డొమైన్ అంటారు. చాలా కాగితాల్లో ఈ ముక్కే కనిపించదు. అది లేని ప్రమేయం సగం ప్రమేయమే.

ఇక్కడ జరిగే పొరపాట్లలో మొదటిది, ముక్క పొడవునే భుజం అనుకోవడం. అప్పుడు మొదటి పదం x²/16 బదులు x² అవుతుంది. ముక్క పొడవునే వ్యాసార్ధం అనుకునేవాళ్లూ ఉంటారు. వాళ్ల రెండో పదం π(100 − x)². రెండూ చూడటానికి పద్ధతిగానే ఉంటాయి, అవకలనం చేస్తే ఏదో ఒక జవాబు కూడా ఇస్తాయి. తప్పని తెలిసేదెలా? కొసలో పెట్టి చూడటమే. x = 100 పెడితే మొత్తం తీగ చతురస్రం అవుతుంది కాబట్టి 625 రావాలని మనకు ముందే తెలుసు. x² రాసినవారికి 10,000 వస్తుంది. x = 0 పెడితే 796 రావాలి. వ్యాసార్ధం పొరపాటు చేసినవారికి 31,416 వస్తుంది, అంటే మూడు చదరపు మీటర్ల పైమాట. మీటరు తీగతో అంత చుట్టగలిగితే డీడో రాణి కూడా ఆశ్చర్యపోయేది.

కొసలను ముందే కట్టమని నేననడానికి మొదటి కారణం ఇది. కొసల దగ్గర ఆకారం ఒక్కటే మిగులుతుంది కాబట్టి జవాబు నోటిలెక్కకు అందుతుంది. ఆ జవాబు మన ప్రమేయం సరైనదో కాదో చెప్పేస్తుంది.

చలరాశిని వేరేగా ఎంచుకోవచ్చు. చతురస్రం భుజాన్ని s అంటే చతురస్రానికి 4s తీగ పోతుంది, వృత్తానికి 100 − 4s మిగులుతుంది. ప్రమేయం ఇలా ఉంటుంది:

A = s² + (100 − 4s)²/(4π),  0 ≤ s ≤ 25

ఇదీ సరైనదే, కొందరికి ఇదే సులువు. కానీ చలరాశి మారితే హద్దులు కూడా మారతాయి. s పైహద్దు 25, 100 కాదు. పాత హద్దునే ఉంచి s = 100 దగ్గర విలువ కట్టారనుకోండి, 17,162 వస్తుంది. ఎలా వచ్చింది? వృత్తానికి మిగిలిన తీగ 100 − 400, అంటే మైనస్ 300 సెంటీమీటర్లు. లేని తీగ అది. దాన్ని వర్గం చేసేసరికి మైనస్ గుర్తు మాయమై, ఏ తప్పూ లేనట్టు పెద్ద అంకె ఒకటి బయటికొచ్చింది. సూత్రానికి తీగ సంగతి తెలియదు. 100 సెంటీమీటర్లే ఉన్నాయనీ, మైనస్ పొడవు ఉండదనీ మనమే చెప్పాలి. అది చెప్పే చోటు ఆ హద్దుల ముక్కే.

సున్నా ఎక్కడ వస్తుంది

ఇప్పుడు అవకలజం. దాన్ని వాలు అని నేర్చుకుంటాం, ఇక్కడ మాత్రం ఇంకోలా చూస్తే బాగుంటుంది: వృత్తం నుంచి ఒక సెంటీమీటరు తీగ తీసి చతురస్రానికి ఇస్తే మొత్తం వైశాల్యం ఎంత మారుతుంది?

A′(x) = x/8 − (100 − x)/(2π)

మొదటి పదం చతురస్రానికి వచ్చే లాభం, రెండోది వృత్తానికి కలిగే నష్టం. లాభం x/8 అంటే చతురస్రం భుజంలో సగం, ఎందుకంటే భుజం x/4. నష్టం (100 − x)/2π అంటే వృత్తం వ్యాసార్ధమే. కాబట్టి అవకలజం సున్నా కావాలంటే భుజంలో సగం వ్యాసార్ధానికి సమానం కావాలి. భుజం వ్యాసానికి సమానం అన్నా ఒకటే. అంటే చతురస్రం లోపల ఆ వృత్తం నాలుగు వైపులా అంచులను తాకుతూ సరిగ్గా ఇమిడిపోతుంది. ఇంత అందమైన విషయాన్ని చాలా పుస్తకాలు x = 400/(π + 4) అన్న జవాబు వెనక దాచేస్తాయి. ఆ జవాబు చూసినవారికి ఏ బొమ్మా కనబడదు.

100 సెంటీమీటర్లు ఎందుకు తీసుకున్నామో ఇక్కడ తెలుస్తుంది. π బదులు బడిలో నేర్చుకున్న 22/7 పెట్టండి. వ్యాసార్ధం 7 అయితే వృత్తానికి 44 సెంటీమీటర్లు. భుజం 14 అయితే చతురస్రానికి 56. మొత్తం 100. వైశాల్యాలు 196, 154, కలిపి 350. కాలిక్యులేటరుతో అసలైన π విలువ పెట్టినా x సుమారు 56.01, వైశాల్యం సుమారు 350.06. తేడా తీగ మందం పాటి కూడా ఉండదు.

ఇది కనిష్ఠమా, గరిష్ఠమా? రెండో అవకలజం 1/8 + 1/(2π). అది x మీద ఆధారపడదు, ఎక్కడైనా ధనాత్మకమే. కాబట్టి వక్రం అంతటా పైకి తెరుచుకున్న గిన్నెలా ఉంటుంది, 56 దగ్గర ఉన్నది గిన్నె అడుగు. మొదటి ప్రశ్నకు జవాబు వచ్చేసింది.

ఇక్కడే ఇంకో విషయం కూడా కనబడాలి. గిన్నెకు అడుగు ఒక్కటే. లోపల ఎక్కడా ఎత్తైన చోటు లేదు. ఎత్తు ఎక్కడైనా ఉంటే అది అంచుల దగ్గరే. రెండో అవకలజం ధనాత్మకమని రాసి, అదే చోట గరిష్ఠం అని రాసిన కాగితం తనను తానే కాదంటోంది.

సున్నా కాకపోయినా గరిష్ఠమే

కొసల దగ్గర అవకలజం ఎంత? x = 0 దగ్గర A′ సుమారు −15.9. x = 100 దగ్గర సరిగ్గా 12.5. రెండూ సున్నా కావు, సున్నాకు దగ్గరగానూ లేవు. అయినా x = 0 దగ్గర 796 ఉంది, దాన్ని మించిన విలువ ప్రమేయానికి ఇంకెక్కడా లేదు.

అవకలజం సున్నా అయితేనే గరిష్ఠం, కనిష్ఠం అని మనసులో నాటుకుపోయినవారికి ఇది మింగుడు పడదు. ఆ నియమం ఎలా పుట్టిందో చూస్తే చిక్కు విడిపోతుంది. ఒక చోట అవకలజం −15.9 ఉందంటే కుడివైపు వెళితే విలువ తగ్గుతుంది, ఎడమవైపు వెళితే పెరుగుతుంది. ఎడమవైపు వెళ్లే వీలుంటే ఇప్పుడున్న చోటు గరిష్ఠం కాదు, ఎందుకంటే ఇంకా ఎక్కువ విలువ పక్కనే ఉంది. కాబట్టి రెండు వైపులా కదిలే వీలున్న చోట గరిష్ఠం ఉంటే అక్కడ అవకలజం సున్నాయే కావాలి. నియమం చెప్పేది ఇంతే. x = 0 దగ్గర ఎడమవైపు లేదు. చతురస్రానికి సున్నా కంటే తక్కువ తీగ ఇవ్వలేం. ఎడమకు వెళితే పెరుగుతుందన్నది నిజమే కానీ వెళ్లడానికి చోటు లేదు. నియమం అక్కడికి చేరదు.

ఈ నియమానికి పుస్తకాల్లో ఫెర్మా పేరు ఉంది. పియరీ ద ఫెర్మా ఫ్రాన్స్‌లో న్యాయవాద వృత్తిలో ఉంటూ 1630ల్లో గరిష్ఠ కనిష్ఠాలు కనుక్కునే పద్ధతి రాశాడు, న్యూటన్, లైబ్నిజ్‌ల కలనగణితం కంటే ముందే. ఆయన ఇచ్చిన ఉదాహరణ కూడా ఒక గీతను రెండు భాగాలు చేయడమే. ఆ రెండు భాగాల లబ్ధం గరిష్ఠం కావాలి. జవాబు సరిగ్గా సగం. అక్కడ కొసల దగ్గర లబ్ధం సున్నా, కాబట్టి కొసల గురించి ఎవరికీ పట్టింపు ఉండదు.

అసలు చిక్కు ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. మన పుస్తకాల్లో ముందుగా వచ్చే లెక్కలన్నీ ఇలాంటివే. 18 సెంటీమీటర్ల చదరపు రేకు నాలుగు మూలల్లో చిన్న చతురస్రాలు కత్తిరించి, అంచులు పైకి మడిచి మూత లేని పెట్టె చేసే లెక్కే తీసుకోండి. మూలలో 3 సెంటీమీటర్లు కోస్తే ఘనపరిమాణం 432 ఘన సెంటీమీటర్లు, అదే గరిష్ఠం. ఏమీ కోయకపోతే పెట్టే లేదు. 9 కోస్తే అడుగే లేదు. రెండు కొసలూ సున్నాలే. ఇలాంటివి పది చేసిన విద్యార్థి కొసలు చూడటం దండగ అని ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటాడు. కొసలు సున్నా కాని మొదటి లెక్క తీగ రూపంలో వచ్చేసరికి ఆ అలవాటు ముంచుతుంది.

సున్నా దగ్గరి కనిష్ఠానికీ, కొసలోని గరిష్ఠానికీ స్వభావంలో కూడా తేడా ఉంది. దీన్ని గమనించినవారిలో ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ ఒకరు. 1613లో ఆస్ట్రియాలోని లింజ్‌లో తన పెళ్లికి ద్రాక్షసారా కొన్నప్పుడు, వర్తకుడు పీపా మధ్యనున్న కంతలోంచి కర్రను ఏటవాలుగా దించి, అది తడిసిన పొడవును బట్టి ధర కట్టడం చూశాడాయన. ఆ కొలత నమ్మదగినదేనా అని మొదలైన ఆలోచన 1615లో ఒక పుస్తకమైంది. గరిష్ఠం దగ్గర పీపా ఆకారం కాస్త అటూ ఇటూ మారినా ఘనపరిమాణంలో తేడా పెద్దగా కనిపించదని అందులో గుర్తించాడు.

మన తీగలోనూ అదే. 56 బదులు 55 దగ్గర కత్తిరించినా మొత్తం 350.06 నుంచి 350.21 అవుతుంది, అంతే. పొరపాటున సరిగ్గా సగానికి కత్తిరించినా 355. కొస దగ్గర అలా కాదు. వృత్తానికి ఇవ్వాల్సిన తీగలో ఒకే ఒక్క సెంటీమీటరు చతురస్రానికి పోతే 796 కాస్తా 780కి దిగిపోతుంది. వాలు సున్నా అయిన చోట పొరపాటు చేసినా ఫరవాలేదు, వాలు మిగిలి ఉన్న కొసలో చేసిన పొరపాటు వెంటనే కనబడుతుంది.

కత్తిరించాల్సిందేనా?

ఈ దశలో మంచి విద్యార్థి ఒక పేచీ పెడతాడు. లెక్కలో ‘రెండు ముక్కలు చేయాలి’ అని స్పష్టంగా ఉంది కదా. x = 0 అంటే తీగను కత్తిరించనే లేదు. అది జవాబు ఎలా అవుతుంది?

పేచీ న్యాయమైనదే. ప్రశ్నను అక్షరాలా తీసుకుంటే x సున్నా కంటే ఎక్కువా, 100 కంటే తక్కువా ఉండాలి. రెండు కొసలూ ప్రదేశంలో ఉండవు. అప్పుడు గరిష్ఠం లేదన్నదే సరైన జవాబు. x = 1 అయితే 780, 0.1 అయితే సుమారు 794, 0.01 అయితే సుమారు 795.6. 795.77కు ఎంతైనా దగ్గరకు వెళ్లవచ్చు, చేరడం మాత్రం కుదరదు. ఎంత చిన్న ముక్క కోసినా దానికంటే చిన్నది కోసి ఇంకాస్త ఎక్కువ వైశాల్యం తెచ్చుకోవచ్చు. కొసలు కలిసిన అంతరం మీద, తెగకుండా సాగే ప్రమేయానికి గరిష్ఠం, కనిష్ఠం రెండూ తప్పక ఉంటాయని చెప్పే సిద్ధాంతం ఒకటుంది. 19వ శతాబ్దపు జర్మన్ గణితవేత్త వయర్‌స్ట్రాస్ పేరుతో దాన్ని చెప్పుకుంటారు. కొసలు తీసేస్తే ఆ హామీ పోతుంది.

కాబట్టి మొదట్లో ‘గరిష్ఠం లేదు’ అని రాసిన కుర్రాడు పూర్తిగా తప్పు కాదు. అతను చెప్పిన కారణమే తప్పు. లోపల సున్నా ఇంకోటి రాలేదు కాబట్టి గరిష్ఠం లేదన్నాడు. కొసలను ప్రశ్న ఒప్పుకోలేదు కాబట్టి లేదని రాసి ఉంటే పూర్తి మార్కులు వేయాల్సిందే. అసైన్‌మెంటులో ప్రశ్న ఎటూ తేల్చకపోతే ఒక వాక్యం రాసుకోవడం మంచిది: ‘ముక్క పొడవు సున్నా కావచ్చని తీసుకుంటున్నాను.’ ఆ తర్వాత మూడు విలువలు వరసగా పెట్టాలి. x = 0 దగ్గర 796, x ≈ 56 దగ్గర 350, x = 100 దగ్గర 625. వీటిలో పెద్దది గరిష్ఠం, చిన్నది కనిష్ఠం. ఇంకే పరీక్షా అక్కర్లేదు. రెండో అవకలజం కట్టకపోయినా ఈ మూడు అంకెలే తీర్పు చెబుతాయి.

హద్దు జరిగితే

ఇదే లెక్కకు ఒక చిన్న షరతు చేర్చి చూద్దాం. చతురస్రానికి కనీసం 70 సెంటీమీటర్లు వాడాలి, కనిష్ఠం ఎక్కడ? ప్రమేయం మారలేదు, అవకలజం మారలేదు, సున్నా ఇప్పటికీ 56 దగ్గరే వస్తుంది. మారింది హద్దు మాత్రమే: 70 నుంచి 100. అలవాటుగా లెక్క చేసేవారు ఇక్కడ కూడా 56 అనే రాస్తారు. కానీ 56 ఇప్పుడు ఆవల ఉంది. 70 నుంచి 100 దాకా అవకలజం ధనాత్మకమే, ప్రమేయం ఆగకుండా పెరుగుతూనే పోతుంది. కాబట్టి కనిష్ఠం ఎడమ కొసలో, 70 దగ్గర ఉంటుంది. విలువ సుమారు 378. గరిష్ఠం కుడి కొసలో, 625. ఈసారి రెండు జవాబులూ కొసలవే. సున్నాను వెతికిన శ్రమ మనకు చెప్పింది ఒక్కటే, అది ఇక్కడ లేదని.

ఇలాంటి తప్పును పట్టుకోవడం కష్టం కాదు. వచ్చిన x విలువను రాసుకున్న హద్దుల పక్కన పెట్టి చూస్తే చాలు. హద్దులు రాసుకోనివారికి ఆ పక్కన పెట్టి చూడటానికి ఏమీ ఉండదు.

త్రిభుజం వచ్చి చేరితే

చతురస్రంలో వృత్తం సరిగ్గా ఇమడటం కాకతాళీయమా అని అనుమానం రావచ్చు. కాదు. వృత్తం బదులు సమబాహు త్రిభుజం చేయమన్నారనుకోండి. త్రిభుజానికి ఒక సెంటీమీటరు తీగ ఎక్కువ ఇస్తే వైశాల్యం ఎంత పెరుగుతుందో లెక్క కడితే, అది ఆ త్రిభుజంలో ఇమిడే వృత్తపు వ్యాసార్ధమే అవుతుంది. చతురస్రంలో భుజంలో సగం కూడా అలాంటిదే, లోపల ఇమిడే వృత్తపు వ్యాసార్ధం. క్రమ బహుభుజి ఏదైనా ఇంతే. కాబట్టి ఏ రెండు క్రమాకారాలు తీసుకున్నా, వాటి లోపల ఇమిడే వృత్తాలు ఒకే కొలతవైనప్పుడు మొత్తం వైశాల్యం కనిష్ఠం. ఆ కనిష్ఠం ఎంతో కూడా చిటికెలో కట్టవచ్చు: మొత్తం తీగ పొడవును ఆ వ్యాసార్ధంతో గుణించి సగం చేయాలి. మన మొదటి లెక్కలో 100 × 7 / 2, అంటే 350.

త్రిభుజం, చతురస్రం జంటకు ఆ వ్యాసార్ధం సుమారు 5.44. చతురస్రానికి 43.5 సెంటీమీటర్లు, త్రిభుజానికి 56.5. కనిష్ఠ వైశాల్యం సుమారు 272. గరిష్ఠం కోసం మళ్లీ కొసలకే వెళ్లాలి: తీగంతా త్రిభుజమైతే 481, తీగంతా చతురస్రమైతే 625.